450 డిగ్రీలు రాజీ అంటారు సరే, ఆ రాజీ ఎవరికీ ఎవరికీ మధ్య?

బైరాగిపట్టెడ_కెమిస్ట్రీ
తిరుపతిలో ఇంటి దగ్గరే ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్తాను. అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతిని పదకొండేళ్లుగా ఒకే తీరుగా చెప్తూ వచ్చాను. N₂ + 3H₂ ⇌ 2NH₃. వేడి బయటికొచ్చే చర్య కాబట్టి చల్లగా ఉంటే దిగుబడి ఎక్కువ. కానీ చల్లగా ఉంటే చర్య కదలదు. అందుకని రాజీగా 450 డిగ్రీలు, 200 అట్మాస్ఫియర్లు, ఇనుము కేటలిస్ట్. పిల్లలు రాసుకుంటారు, మార్కులు వస్తాయి, పాఠం ముందుకు పోతుంది.

మొన్న ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, సమతాస్థితి ఎక్కడ ఆగుతుందో చెప్తుంది. వేగం ఎంతసేపట్లో చేరతామో చెప్తుంది. ఒకటి శాతం, ఇంకొకటి టైము. రెండూ ఒకే తక్కెడలో ఎట్లా పడతాయి? 450 అని ఎవరు తూచారు? 430 పెడితే ఏమవుతుంది?"

రేపు చెప్తానన్నాను. నాలుగు రోజులైంది. నా దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశాను, అన్నింట్లోనూ "రాజీ" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోతున్నారు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. పిల్లని మళ్లీ "రేపు" అని పంపలేను.

జేఈఈ_2026
సింపుల్ మేడమ్. చల్లగా ఉంటే స్లో, వేడిగా ఉంటే దిగుబడి తక్కువ, మధ్యలో 450. కేటలిస్ట్ వేస్తారు కాబట్టి దిగుబడి కూడా పెరుగుతుంది, ఆ తగ్గిన శాతం అట్లా కవర్ అయిపోతుంది.

స్వర్ణముఖి_ఎమ్మెస్సీ
తమ్ముడూ, కేటలిస్ట్ దిగుబడిని పెంచదు. ముందుకు పోయే చర్యనీ వెనక్కి వచ్చే చర్యనీ ఒకే లెక్కన తొందర చేస్తుంది, సమతాస్థితి ఉన్న చోటే ఉంటుంది. పరీక్షలో ఇది రాస్తే మార్కు పోతుంది.

మేడమ్, ముందు ఒక వైపు అంకెలు చూడండి. నైట్రోజన్ 1, హైడ్రోజన్ 3 పాళ్లలో కలిపి 100 అట్మాస్ఫియర్ల దగ్గర ఎంతసేపైనా వదిలేస్తే, 200 డిగ్రీల దగ్గర గ్యాస్‌లో 81 శాతం అమ్మోనియా ఉంటుంది. 400కి అది 25కి పడిపోతుంది. 450కి 16, 500కి పదిన్నర, 600కి నాలుగున్నర. ఇది గోడ లాంటిది. ఏ కేటలిస్ట్ వేసినా దీన్ని దాటలేం.

జేఈఈ_2026
మరి కేటలిస్ట్ లేకపోతే 450 దగ్గర అసలు ఏమీ రాదు కదక్కా. వేస్తే వస్తుంది. అంటే పెంచినట్టే కదా?

చిల్లింగ్_సెంటర్_బాబు
ఇది ఎక్కడి లెక్క సామీ, నాకర్థం కాలే. నేను చిత్తూరు దగ్గర పాల చిల్లింగ్ సెంటర్లో అమ్మోనియా ప్లాంట్ చూస్తాండా, పదారేండ్లు. మా కంప్రెసర్ డిశ్చార్జి 120 డిగ్రీలు దాటిందంటే నేను ఆపేసి వాల్వులు విప్పుతా. 450 డిగ్రీల్లో నడిపే కంప్రెసర్ యాడుంది? ఆయిలు మాడి బొగ్గయిపోతాది.

బైరాగిపట్టెడ_కెమిస్ట్రీ
బాబు గారూ, మీది అమ్మోనియాని వాడి చల్లబరిచే యంత్రం. నేను అడిగింది అమ్మోనియానే పుట్టించే ఫ్యాక్టరీ గురించి. యూరియా చేసే చోట ఉంటుంది.

చిల్లింగ్_సెంటర్_బాబు
ఓ, సిలిండర్లో నింపకముందు సంగతా. అయితే నేనూ కూర్చుని వింటా. రోజూ ముక్కు పగిలేలా వాసన చూస్తాండా, అది ఎట్ల పుడతాదో ఇంతవరకు ఎవరూ చెప్పలే.

పలమనేరు_టమాటా
యూరియా కోసం సొసైటీ ముందర లైన్లో నిలబడినోళ్లం మేము కూడా. మీరు చెప్పేది పూర్తిగా చదువుతా, తొందరగా చెప్పండప్పా.

పానెల్_రూమ్_1979
నేను కోస్తాలో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో అమ్మోనియా ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో ఇరవై ఎనిమిదేళ్లు షిఫ్టులు చేశాను. ఇప్పుడు తిరుచానూరులో ఉంటున్నాను. ఆ అమ్మాయి ప్రశ్న చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఎంత మంచి ప్రశ్న! మా ట్రైనింగ్‌లో మమ్మల్ని ఎవరూ ఇంత సూటిగా అడగలేదు.

అమ్మా, ముందు ఒక మాట. ప్లాంట్‌లో 450 అన్న ఒక్క ఉష్ణోగ్రత ఎక్కడా ఉండదు. నేను పానెల్ మీద ఆ అంకె కోసం ఎప్పుడూ చూడలేదు. గ్యాస్ కేటలిస్ట్ బెడ్‌లోకి 380 దగ్గర పోతుంది, బయటికి 500 దాటి వస్తుంది. పుస్తకంలోని 450 ఆ రెండింటి మధ్య ఎక్కడో పెట్టిన ఒక గుర్తు, అంతే.

ఎందుకలా అంటే, చర్య వేడి పుట్టిస్తుంది. ఆ వేడి పోవడానికి దారి లేదు, ఎందుకంటే కన్వర్టర్ అంటే మనిషి ఎత్తుకు ఎన్నో రెట్లుండే దళసరి ఉక్కు గొట్టం, దాని లోపల కేటలిస్ట్ నింపిన బుట్టలు. కాబట్టి ఆ వేడంతా గ్యాస్‌కే అంటుకుంటుంది. మోటు లెక్కన, 1 శాతం అమ్మోనియా పుట్టినప్పుడల్లా గ్యాస్ 15 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది.

ఇప్పుడు స్వర్ణముఖి గారి అంకెలు తీసుకోండి. ఆ పిల్లని గ్రాఫ్ కాగితం తెచ్చుకోమనండి. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా అమ్మోనియా శాతం. 100 అట్మాస్ఫియర్ల గోడని గీయమనండి: 400 దగ్గర 25, 450 దగ్గర 16, 500 దగ్గర పదిన్నర, 550 దగ్గర 7 కంటే కాస్త తక్కువ. గీత ఎడమ పక్క ఎత్తుగా ఉండి కుడికి దిగుతుంది.

తర్వాత 380 డిగ్రీలు, సున్నా శాతం దగ్గర చుక్క పెట్టి, 15 డిగ్రీలకు 1 శాతం చొప్పున వాలుగా పైకి గీయమనండి. బెడ్‌లో గ్యాస్ నడిచే దారి అదే. అది 517 డిగ్రీల దగ్గర, 9 శాతం చిల్లర దగ్గర గోడకి తగులుతుంది. అక్కడితో ఆట ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంకో పది అడుగుల కేటలిస్ట్ పోసినా ఒక్క చుక్క పెరగదు.

ఇప్పుడు అదే గ్యాస్‌ని 420 దగ్గర లోపలికి పంపితే? గీత మొదటినుంచే కుడికి జరిగింది కదా, 535 దగ్గర గోడకి తగిలి 7.7 శాతం దగ్గరే ఆగుతుంది. వేడిగా పంపితే తొందరగా చేరతాం, కానీ చేరేది తక్కువ ఎత్తుకి. ఒకటి శాతం, ఇంకొకటి టైము అని ఆ పిల్ల అన్నది చూడండి, ఆ రెండూ కలుసుకునే చోటు ఇదే.

స్వర్ణముఖి_ఎమ్మెస్సీ
సార్, ఇది నాకు ఎమ్మెస్సీలో కూడా ఇట్లా చెప్పలేదు. సమతాస్థితి ఒక పేపర్, గతిశాస్త్రం ఇంకో పేపర్. రెండూ ఒకే గ్రాఫ్ మీద పెట్టి ఎప్పుడూ చూడలేదు.

కాణిపాకం_మెకానికల్
అయితే 300కో 320కో తగ్గించి పంపొచ్చు కదా. గీత ఎడమకి జరిగి ఇంకా ఎత్తులో గోడకి తగుల్తుంది. 380 దగ్గరే ఎందుకు ఆగారు?

పానెల్_రూమ్_1979
మీరడిగిన దానికి నా దగ్గర ఒక చేదు అనుభవమే ఉంది.

ఇనుము కేటలిస్ట్ 350 కిందకు పోతే మొద్దుబారిపోతుంది. నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో కొరుక్కుని ఉంటాయి. ఇనుము ఉపరితలం మీద ఆ బంధం తెగడమే అన్నింటికంటే నిదానమైన అడుగు. ఇనుము మీద ఆ అడుగులన్నీ ఎలా పడతాయో విప్పి చూపించింది జర్మనీకి చెందిన గెర్హార్డ్ ఎర్టల్, 2007లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ బంధం తెగాలంటే వేడి కావాలి. తెగకపోతే అమ్మోనియా లేదు. అమ్మోనియా లేకపోతే వేడి లేదు. ఈ ముడి గుర్తుపెట్టుకోండి.

లోపలికి పోయే గ్యాస్‌ని 380కి వేడెక్కించేది కూడా బయటికొచ్చే గ్యాసే. మధ్యలో ఎక్స్‌ఛేంజర్ ఉంటుంది. పొయ్యిలో ఉన్న మంట తర్వాత పెట్టబోయే కట్టెని ఆరబెట్టినట్టు.

ఒక రాత్రి షిఫ్టులో మొదటి బెడ్ అవుట్‌లెట్ 520 దాటుతుంటే, తగ్గించాలని కోల్డ్ షాట్ వాల్వు కొంచెం ఎక్కువ తెరిచాను. అది చల్లటి గ్యాస్‌ని నేరుగా బెడ్‌లోకి కలిపే వాల్వు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత కాగితం రికార్డర్ మీద ఎర్ర ఇంకు పెన్ను మెల్లగా ఎడమకి వంగడం మొదలైంది. ఇన్‌లెట్ 372, 365, 358. అవుట్‌లెట్ చల్లబడితే ఎక్స్‌ఛేంజర్‌లో వేడి తగ్గింది, దాంతో ఇన్‌లెట్ ఇంకా చల్లబడింది. వాల్వు పూర్తిగా మూసేశాను, పెన్ను మాత్రం వంగుతూనే ఉంది. అదే సమయంలో గ్యాస్ తిరిగే లూప్‌లో ప్రెషర్ పైకెక్కుతోంది, ఎందుకంటే కొత్త గ్యాస్ వస్తూనే ఉంది, దాన్ని తినేవాళ్లు లేరు. బెడ్ చల్లబడటం, ప్రెషర్ పెరగడం రెండూ కలిసి కనిపిస్తే చర్య ఆరిపోతోందని అర్థం. చివరికి గ్యాస్‌తో కాల్చే స్టార్టప్ హీటర్ వెలిగించి మళ్లీ మొదటినుంచి బెడ్‌ని వేడెక్కించాం. తెల్లారి షిఫ్ట్ వాళ్లు వచ్చేసరికి కూడా ఉత్పత్తి లేదు.

అందుకే 380. గోడకి దూరంగా ఉండాలని మరీ చల్లగా పంపితే మంటే ఆరిపోతుంది.

పలమనేరు_టమాటా
మా ఇటుక బట్టీ కూడా ఇంతే సార్. తడి కట్టె ఎక్కువేస్తే మొత్తం కూర్చుంటాది.

చిల్లింగ్_సెంటర్_బాబు
పెన్ను వంగినప్పుడు గుండె ఎట్ల కొట్టుకుంటాదో నాకు తెలుసు సార్. మాకు పెన్ను లేదు గానీ గేజు ముల్లు ఉంది.

జేఈఈ_2026
సార్, అయితే నేను అడిగింది మిగిలిపోయింది. కేటలిస్ట్ గోడని కదిలించదు. కానీ మంచి కేటలిస్ట్ ఉంటే 380కి బదులు 340 దగ్గరే పని మొదలౌతుంది. అప్పుడు గీత ఎడమకి జరిగి ఎక్కువ ఎత్తులో గోడకి తగులుతుంది. మరి కేటలిస్ట్ దిగుబడి పెంచినట్టే కదా?

పానెల్_రూమ్_1979
సగం నువ్వే గెలిచావు బాబూ. కేటలిస్ట్ ఒకే ఉష్ణోగ్రత దగ్గర సమతాస్థితిని మార్చదు, ఇది స్వర్ణముఖి గారన్నట్టు గట్టి మాట. కానీ మంచి కేటలిస్ట్ మనల్ని తక్కువ ఉష్ణోగ్రతలో పని చేయనిస్తుంది, అక్కడ గోడ ఎత్తుగా ఉంటుంది. పరీక్షలో "కేటలిస్ట్ సమతాస్థితిని మార్చదు" అనే రాయి. ప్లాంట్‌లో మాత్రం ప్రతి పాత కేటలిస్ట్‌కీ మేము కట్టే మూల్యం ఇదే. ఏళ్లు గడిచేకొద్దీ అది మొద్దుబారుతుంది. అప్పుడు ఇన్‌లెట్ 380ని 390, 400 చేస్తాం. ఉత్పత్తి నిలబడినట్టే ఉంటుంది, కానీ గోడ మీద మనం తగిలే చోటు ఏటా కిందికి దిగుతుంటుంది.

గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ గానీ నీటి ఆవిరి గానీ కాస్త జారి వచ్చినా అదే గతి, కానీ అది ఒక్క పూటలో జరిగిపోతుంది. ఆక్సిజన్ ఉన్న ఏ పదార్థమైనా ఇనుముకి పడదు. శుభ్రం చేస్తే చాలావరకు తేరుకుంటుంది. గంధకం వస్తే మాత్రం తేరుకోదు.

బైరాగిపట్టెడ_కెమిస్ట్రీ
సార్, మీ గ్రాఫ్ నేనే గీసి చూశాను. నిజంగానే 9 దగ్గర ఆగింది. కానీ 9 శాతం అంటే మరీ తక్కువ కదా? పుస్తకంలో 15, 20 అని ఉంటుంది.

పానెల్_రూమ్_1979
అక్కడే అసలు తెలివి ఉంది తల్లీ. 9 దగ్గర గోడకి తగిలిన గ్యాస్‌ని బయటికి తీసి చల్లబరచండి. అమ్మోనియా 9 శాతమే ఉంటుంది, ఉష్ణోగ్రత మాత్రం 400కి వస్తుంది. అంటే గ్రాఫ్ మీద చుక్క అడ్డంగా ఎడమకి జరిగింది. మళ్లీ గోడకి దూరం దొరికింది. ఇప్పుడు రెండో బెడ్‌లోకి పంపండి, 15 డిగ్రీలకు 1 శాతం చొప్పున మళ్లీ పైకి. ఈసారి 470 దగ్గర, 13న్నర శాతం దాటాక గోడ తగులుతుంది. మళ్లీ 390కి చల్లార్చి మూడో బెడ్. 445 దగ్గర 17 శాతం.

గీసి చూడండి, మెట్లలా వస్తుంది. మొదటి మెట్టు పెద్దది, చివరివి చిన్నవి. మొదటి బెడ్‌లో వేడి ఎక్కువున్నా పర్వాలేదు, ఎందుకంటే అక్కడ అమ్మోనియా తక్కువ, గోడ దూరం, కాబట్టి వేగం కావాలి. చివరి బెడ్‌లో అమ్మోనియా ఎక్కువ, గోడ దగ్గర, కాబట్టి చల్లగా ఉండాలి. రాజీ అన్నది ఒక్కచోట చేసుకున్న ఒప్పందం కాదు. బెడ్‌లో అడుగడుగునా మారుతూ పోతుంది.

ఇంకో మాట. గోడకి మరీ ఆనుకుని నడవకూడదు. గోడ దగ్గర వెనక్కి పోయే చర్య ముందుకు పోయే చర్యని దాదాపు చెరిపేస్తుంది. ఏ అమ్మోనియా శాతానికైనా వేగం అన్నింటికంటే ఎక్కువ ఉండే ఉష్ణోగ్రత ఒకటుంటుంది. ఇనుము కేటలిస్ట్‌కి అది గోడకి నలభై డిగ్రీల ప్రాంతంలో ఎడమ పక్కన ఉంటుంది. 430 పెడితే ఏమౌతుందని మీ పిల్ల అడిగిందే, దానికి జవాబు ఇక్కడుంది: అమ్మోనియా ఎంత ఉన్న చోట 430 పెడుతున్నావన్న దాన్నిబట్టి ఉంటుంది. 3 శాతం దగ్గర 430 చలి. 18 శాతం దగ్గర 430 గోడకి ఆనుకున్న వేడి.

స్వర్ణముఖి_ఎమ్మెస్సీ
ఈ చివరి రెండు వాక్యాలు ప్రింట్ తీసి మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద పెడతాను సార్, నిజంగా.

కాణిపాకం_మెకానికల్
ఇదంతా 100 అట్మాస్ఫియర్ల మీద చెప్తున్నారు. ప్రెషర్ పెంచేస్తే గోడే పైకి లేస్తుంది కదా. నాలుగు అణువులు రెండవుతున్నాయి. 300 అట్మాస్ఫియర్లలో 450 దగ్గర గోడ 36 శాతం, 400 దగ్గర 47. పైగా గ్యాస్ చిక్కబడితే వేగం కూడా పెరుగుతుంది. ఉష్ణోగ్రత విషయంలో గొడవ ఉంది గానీ ప్రెషర్ విషయంలో గొడవే లేదు, రెండూ ఒకే పక్క లాగుతున్నాయి. ఈ మెట్లూ చల్లార్చడాలూ ఎందుకు, ప్రెషర్ పెంచుకుంటే పోదా? ఫ్రాన్స్‌లో జార్జ్ క్లోడ్ వంద ఏళ్ల కిందటే వెయ్యి అట్మాస్ఫియర్ల దరిదాపుల్లో నడిపాడు.

పానెల్_రూమ్_1979
నడిపారు, నిజమే. రసాయనం అడ్డుపడదు. ఉక్కు, కరెంటు అడ్డుపడతాయి. మీరు మెకానికల్ కాబట్టి మీకు నాకంటే బాగా తెలియాలి. వేడిగా, ప్రెషర్‌లో ఉన్న హైడ్రోజన్ ఉక్కులోకి దూరి లోపలున్న కార్బన్‌ని పట్టుకుని మీథేన్ చేస్తుంది. ఉక్కు పెళుసైపోతుంది. హేబర్ పద్ధతిని ఫ్యాక్టరీకి తెచ్చిన కార్ల్ బోష్ మొదటి గొట్టాలు అలాగే పగిలాయి. కార్బన్ లేని మెత్తటి ఇనుము తొడుగు లోపల పెట్టి, బయటి ఉక్కుకి సన్నటి రంధ్రాలు వేసి, తొడుగులోంచి దూరిన హైడ్రోజన్‌ని బయటికి వదిలేశాడు. అలా 1913లో జర్మనీలోని ఓపౌ ఫ్యాక్టరీ నడిచింది.

ప్రెషర్ రెట్టింపు చేస్తే కంప్రెసర్ ఖర్చూ పెరుగుతుంది, సీళ్లూ ఫ్లాంజీలూ లీకవుతాయి. మా ప్లాంట్ 200కి దగ్గర్లో నడిచేది.

కాణిపాకం_మెకానికల్
కంప్రెసర్ ఖర్చు రెట్టింపు కాదు సార్. 100 నుంచి 200కి పోవడానికి పట్టే పని 1 నుంచి 2కి పోవడానికి పట్టినంతే, లాగరిథమ్ లెక్క. 1 నుంచి 100కి తేవడానికే అసలు ఖర్చంతా. మీరు చెప్పిన కారణం నాకు సరిపోలేదు.

పానెల్_రూమ్_1979
లెక్కగా మీ మాట కరెక్టే. రెట్టింపు అని నేననలేదు, పెరుగుతుందన్నాను. కానీ 1960ల తర్వాత పెద్ద ప్లాంట్లన్నీ పిస్టన్ కంప్రెసర్లు వదిలి సెంట్రిఫ్యూగల్‌కి మారాయి. వాటి చివరి చక్రాల్లో గ్యాస్ ఎంత చిక్కబడితే ఆ సందులు అంత ఇరుకవుతాయి, 300 దగ్గర ఇబ్బంది పడతాయి. అందుకే డిజైన్ ప్రెషర్ 150 పక్కకి దిగింది. మీరు పిస్టన్‌తో లెక్కవేస్తే వేరే జవాబు వస్తుంది.

కాణిపాకం_మెకానికల్
ఇప్పుడు సీళ్లూ చక్రాలూ చాలా మెరుగయ్యాయి సార్. ఈరోజు కొత్తగా కడితే 250 ఎందుకు కాకూడదో నాకింకా అర్థం కాలేదు. ఇది ఇక్కడ తేలదు, వదిలేస్తున్నా.

చిల్లింగ్_సెంటర్_బాబు
నాకొక డౌటు. 17 శాతం తెచ్చినారు కదా మూడు మెట్లెక్కి. మిగతా 83 పారేస్తారా?

పానెల్_రూమ్_1979
పారేయం నాయనా. గ్యాస్‌ని చల్లబరిస్తే అమ్మోనియా నీళ్లలా కిందికి దిగుతుంది, నైట్రోజన్, హైడ్రోజన్ గ్యాస్‌లానే ఉంటాయి. అమ్మోనియాని తీసేసి మిగతాదాన్ని మళ్లీ కన్వర్టర్‌కే పంపుతాం. ఇది 1909లో ఫ్రిట్జ్ హేబర్ బల్ల మీద చేసి చూపించిన పనే. అప్పటికి ఆయనకి ఒక్కసారికి పదో వంతు కూడా రాలేదు. అయినా గ్యాస్‌ని తిప్పితే చాలన్నాడు. ఒక్క దెబ్బకి ఎక్కువ దిగుబడి రావాలన్న పట్టుదల వదిలేసిన రోజే ఈ పద్ధతి ఫ్యాక్టరీకి పనికొచ్చింది.

తిప్పుతున్నకొద్దీ గాలిలోంచి వచ్చిన ఆర్గాన్, ముందు దశల్లోంచి మిగిలిన మీథేన్ పేరుకుపోతాయి, అవి చర్యలో పాల్గొనవు. కొంచెం గ్యాస్ ఎప్పుడూ బయటికి వదులుతూ ఉండాలి. లేకపోతే అసలు గ్యాస్‌కి చోటు తగ్గి గోడ కిందికి దిగుతుంది.

చిల్లింగ్_సెంటర్_బాబు
చల్లబరచడం అంటే మా పనే గదా సార్! దేంతో చల్లబరుస్తారు? నీళ్లతోనా? మా కండెన్సర్ ఎండాకాలం 40 డిగ్రీలకు పోతే గేజు పద్నాలుగున్నర కేజీలు చూపిస్తాది. అంతకంటే తగ్గదు, నీళ్లు ఎన్ని పోసినా. మే నెలలో మా సెంటర్లో అదే ఏడుపు.

పానెల్_రూమ్_1979
బాబూ, నువ్వు చెప్పిన ఈ ఒక్క గేజు రీడింగ్ ఈ చర్చలో అందరికీ పనికొస్తుంది, వినండి.

40 డిగ్రీల దగ్గర అమ్మోనియా తన సొంత బలంతో పదిహేనున్నర అట్మాస్ఫియర్లతో నిలబడుతుంది. గేజు బయటి గాలిని కలపదు కాబట్టి పద్నాలుగున్నర చూపిస్తుంది. మన లూప్ 100 అట్మాస్ఫియర్లు అనుకున్నాం. అంటే 40 డిగ్రీల నీళ్లతో చల్లబరిస్తే పదిహేనున్నర వంతులు అమ్మోనియా గ్యాస్‌లోనే తేలుతూ ఉండిపోతుంది. మూడు మెట్లెక్కి తెచ్చింది 17. చేతికొచ్చేది ఒకటిన్నర! నిజం లెక్క ఇంకా ఘోరం, ఎందుకంటే ఎక్కువ ప్రెషర్‌లో గ్యాస్ ఇంకాస్త ఎక్కువ అమ్మోనియాని మోస్తుంది.

అందుకని మీ సెంటర్లో లాగే అమ్మోనియాతోనే నడిచే రిఫ్రిజిరేషన్ పెట్టి, గ్యాస్‌ని సున్నాకి చాలా కిందికి తీసుకుపోతాం. నీ సక్షన్ ప్రెషర్ ఎంత?

చిల్లింగ్_సెంటర్_బాబు
ఐస్ బ్యాంక్‌కి మైనస్ పది పట్టుకుంటాం. గేజు రెండు కేజీలకు కొంచెం తక్కువ.

పానెల్_రూమ్_1979
గాలిని కలిపితే మూడుకి దగ్గర. అంటే మైనస్ పదికి తెస్తే గ్యాస్‌లో మిగిలేది 3 శాతం. మైనస్ ఇరవై ఐదుకి తెస్తే ఒకటిన్నర. ఈ 3 శాతం మళ్లీ కన్వర్టర్‌కే పోతుంది. అందుకే నేను మొదట సున్నా శాతం నుంచి గీయమన్నది సులువు కోసం మాత్రమే.

మెకానికల్ గారూ, 300 అట్మాస్ఫియర్లకి ఒక మంచి మాట ఇక్కడుంది. పదిహేనున్నరని 300తో భాగించండి, నీళ్లతోనే 5 శాతానికి వస్తుంది. నిజంలో ఇంకా ఎక్కువే ఉంటుంది, అయినా కండెన్సర్ చాలావరకు పని చేసేస్తుంది. పాత ప్లాంట్లు ఎక్కువ ప్రెషర్‌లో నడవడానికి ఇదీ ఒక కారణం, అప్పటికి పెద్ద రిఫ్రిజిరేషన్ ఖరీదు.

కాణిపాకం_మెకానికల్
చూశారా! నేను అన్నదానికి బలం పెరిగింది.

స్వర్ణముఖి_ఎమ్మెస్సీ
ఇటుపక్క రుథీనియం కూడా గుర్తుపెట్టుకోవాలి. 1990లలో ఇనుముకి బదులు గ్రాఫైట్ మీద రుథీనియం పెట్టి 90 అట్మాస్ఫియర్ల దరిదాపుల్లో ప్లాంట్లు నడిపారు. గ్యాస్‌లో అమ్మోనియా ఎక్కువున్నప్పుడు ఇనుము నెమ్మదిస్తుంది, రుథీనియం అంతగా నెమ్మదించదు. జేఈఈ తమ్ముడు చెప్పిన దారి అది. కానీ ఖరీదు ఇనుముతో పోల్చలేనిది.

పలమనేరు_టమాటా
అంటే నా యూరియా బస్తా వెనకాల ఒక చిల్లింగ్ ప్లాంటు కూడా ఉందన్నమాట. బాబన్నా, నీకు నా తరఫున ఒక బుట్ట టమాటా.

చిల్లింగ్_సెంటర్_బాబు
ధర చూసి పంపు అన్నా, ఈ వారం అమ్ముకోవడమే మేలు.

బైరాగిపట్టెడ_కెమిస్ట్రీ
ఇవాళ సాయంత్రం ఆ అమ్మాయికి మొత్తం చెప్పాను. నోట్‌బుక్ మధ్యలోంచి గ్రాఫ్ కాగితం చించి, పెన్సిల్‌తో మూడు మెట్లూ గీసింది. గోడ ఎర్ర స్కెచ్‌తో, మెట్లు నీలంతో. నాలుగో మెట్టు కూడా తనే గీసింది, 385కి చల్లార్చి. 20 శాతం దగ్గర తగిలింది. "మేడమ్, ఇంకో మూడు శాతం వచ్చింది కదా, నాలుగో బెడ్ ఎందుకు పెట్టరు?" అంది. నేనే సొంతంగా చెప్పడానికి ప్రయత్నించాను: చివరి బెడ్‌లు చల్లగా ఉండాలి కాబట్టి నెమ్మది, ఆ మూడు శాతానికి చాలా ఎక్కువ కేటలిస్ట్ కావాలి, దాని బదులు తిప్పి పంపడమే సులువు అని. సరిగ్గానే చెప్పానా సార్?

పానెల్_రూమ్_1979
సరిగ్గా చెప్పారు. మా కన్వర్టర్‌లో మొదటి బెడ్ అన్నింటికంటే చిన్నది, చివరిది అన్నింటికంటే పెద్దది. ఆ పిల్ల గీసిన మెట్ల ఎత్తుకి సరిగ్గా తలకిందులు. బెడ్ పెరిగితే గ్యాస్‌ని దాని గుండా నెట్టడానికి ప్రెషర్ కూడా ఖర్చవుతుంది. నాలుగు బెడ్‌లున్న కన్వర్టర్లూ ఉన్నాయి, కాబట్టి ఆమె అడిగింది తప్పేమీ కాదు.

ఇప్పుడు బాబు గేజు పక్కన పెట్టుకుని మళ్లీ గీయమనండి. మొదటి చుక్క 380 దగ్గర సున్నా మీద కాకుండా 3 మీద పెట్టాలి.

బైరాగిపట్టెడ_కెమిస్ట్రీ
గీసింది సార్, మీరు రాసేలోపే. 498 డిగ్రీల దగ్గర 10.7కి తగిలింది. "ఎక్కువొచ్చింది" అని సంబరపడి, తర్వాత 3 తీసేసి 7.7 అని రాసుకుని కాసేపు మౌనంగా కూర్చుంది. మైనస్ పది బదులు మైనస్ ఇరవై ఐదు పెడితే ఎంత పెరుగుతుందో, దానికి బాబు గారి కంప్రెసర్‌కి ఎంత కరెంటు ఎక్కువ పడుతుందో కనుక్కోమంది. బాబు గారూ, మీ మోటారు ఎన్ని హార్స్‌పవర్?

చిల్లింగ్_సెంటర్_బాబు
రేపు పొద్దున డ్యూటీకి పోతూనే నేమ్‌ప్లేట్ ఫోటో పెడతా అక్కా.